గోడ దగ్గర దొరికిన సెకన్లు

చెబితే నమ్మరు. నా ఈతలో ఏమీ మారలేదు. చెయ్యి వేసే తీరు అదే, కాళ్ళు కొట్టే తీరు అదే, పొట్ట కూడా అదే. అయినా 400 మీటర్ల ఫ్రీస్టైల్‌కి నాకు పట్టే టైము 8 నిమిషాల 13 సెకన్ల నుంచి 7 నిమిషాల 44 సెకన్లకు దిగింది. 29 సెకన్లు! వంద మీటర్లకు ఏడు సెకన్ల పైమాటే. ఇన్నేళ్ళుగా మోచెయ్యి ఎత్తు, భుజం తిప్పు, తల దించు అంటూ ఎంత తంటాలు పడినా ఇందులో పావు వంతు కూడా రాలేదు. ఈ సెకన్లన్నీ గోడ దగ్గర పడి ఉన్నాయండీ. ప్రతి లెంగ్త్ చివరా, నా కళ్ళెదుటే!

మా పూల్ 25 మీటర్లది. 400 మీటర్లంటే 16 లెంగ్త్‌లు, అంటే 15 సార్లు గోడ దగ్గర తిరగాలి. అదే 1500 అయితే 59 టర్న్‌లు. పొద్దున్నే ఒడ్డున కూర్చుని మేం మాట్లాడుకునే మాటలు వింటే ఈత అంటే చేతులూ ఊపిరీ తప్ప మరొకటి లేదనుకుంటారు. గోడ ఊసు ఎవరూ ఎత్తరు. గోడంటే మాకు పూల్ అక్కడితో అయిపోయిందని చెప్పే సిమెంటు, అంతే.

కళ్ళు తెరిపించింది పక్క లేన్‌లో ప్రాక్టీసు చేసే అమ్మాయి. ఇంటర్ చదువుతోంది, పోటీలకు వెళ్తుంది. ఆ రోజు తన అసలు ప్రాక్టీసు అయిపోయి, ఒళ్ళు చల్లార్చుకోవడానికి నెమ్మదిగా ఈదుతోంది. ఎంత నెమ్మదిగా అంటే పూల్ మధ్యలో ఇద్దరం భుజం భుజం కలిపి వెళ్తున్నాం. నాకు లోపల ఎక్కడో గర్వం. గోడ వచ్చింది. తిరిగాను. తలెత్తి చూస్తే నాకు మూడు మీటర్ల ముందుంది. మళ్ళీ మధ్యలో ఆ దూరం పెరగలేదు, తగ్గలేదు. మళ్ళీ గోడ, మళ్ళీ ఇంకో మూడు మీటర్లు.

ఆగాక అడిగాను, గోడ దగ్గరేమన్నా మంత్రం వేస్తున్నావా అని.

"మంత్రం కాదంకుల్. మీరు గోడ దగ్గర ఆగిపోతున్నారు."

"ఆగట్లేదమ్మా, తిరుగుతున్నా కదా!"

"తిరగడానికే మూడు సెకన్లు తీసుకుంటున్నారు. ఉండండి, ఫోన్లో తీసి చూపిస్తా."

చూపించింది. అప్పటి నుంచి నేను ఇంట్లోనూ ఆఫీసులోనూ ఈ విషయం తప్ప మాట్లాడటం లేదు.

ముందు ఎలా కొలవాలో చెప్పాలి, ఎందుకంటే కొలవకపోతే ఇదంతా కట్టుకథలా ఉంటుంది. పూల్ మీద అడ్డంగా రంగు జెండాల తోరణం కట్టి ఉంటుంది చూడండి, వెల్లకిలా ఈదేవాళ్ళకు గోడ దగ్గరపడిందని తెలియడం కోసం. అది గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే 25 మీటర్ల పూల్ మూడు ముక్కలవుతుంది: ఈ చివర 5, మధ్యలో 15, ఆ చివర 5. ఒడ్డున ఒకరు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తే చాలు. తల జెండాల కిందికి వచ్చిన క్షణం, చెయ్యి గోడను తాకిన క్షణం, పాదాలు గోడను వదిలిన క్షణం, తల మళ్ళీ జెండాల కిందికి వచ్చిన క్షణం. ఈ నాలుగూ రాసుకోవాలి. వీడియోను నెమ్మదిగా నడిపిస్తే సెకనులో పదో వంతు దాకా తేలిగ్గా చదవొచ్చు.

నా లెక్క ఇదీ. మధ్యలో 15 మీటర్లు ఈదడానికి 18 సెకన్లు. అంటే నా ఈత వేగం వంద మీటర్లకు రెండు నిమిషాలు. అదే వేగంతో జెండాల నుంచి గోడకూ, గోడ నుంచి జెండాలకూ కలిపి ఆ 10 మీటర్లకు 12 సెకన్లు పట్టాలి. నాకు 13 పడుతోంది. గోడకు చేరడానికి 5.4, చెయ్యి తాకినప్పటి నుంచి పాదాలు గోడను వదిలేదాకా 3.2, అక్కడి నుంచి జెండాల దాకా 4.4. అసలు గోడే లేకుండా ఏ చెరువులోనో తిన్నగా ఈదుకుంటూ పోతే ఇంతకన్నా ముందు చేరేవాణ్ణి!

ఈ అంకెల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది చివరి 4.4. పాదాలు గోడను వదిలే క్షణానికి ఒళ్ళంతా చాచి ఉంటాం కాబట్టి తల అప్పటికే గోడకు మీటరున్నర దూరంలో ఉంటుంది. మిగిలింది మూడున్నర మీటర్లు. మూడున్నర మీటర్లకు 4.4 సెకన్లంటే సెకనుకు 0.8 మీటర్లు. నా మామూలు ఈత వేగం 0.83. అంటే గట్టి గోడను రెండు కాళ్ళతో తన్ని బయల్దేరిన మనిషిని, ఊరికే నీళ్ళలో చెయ్యి వేసుకుంటూ పోయే నాకన్నా నెమ్మదిగా వెళ్తున్నాను. ఇదెలా సాధ్యం?

ఆలోచిస్తే పూల్ మొత్తంలో కదలకుండా నిలబడే వస్తువు గోడ ఒక్కటే. నీళ్ళను తోసి ముందుకు పోవడమంటే రుషికొండ బీచ్‌లో పొడి ఇసుక మీద పరిగెత్తడమే. అడుగు వేసిన చోట ఇసుక వెనక్కి జారుతుంది, మన శ్రమలో సగం ఇసుకను జరపడానికే పోతుంది. గోడ జారదు. తొడల బలమంతా, అంటే ఒంట్లో ఉన్న పెద్ద కండరాల బలమంతా, ఒక్క తన్నులో వేగంగా మారిపోతుంది. ఒక లెంగ్త్ మొత్తం మీద మనం అత్యంత వేగంగా వెళ్ళేది ఆ తన్ను తర్వాతి తొలి మీటరులోనే. ఇది ఒలింపిక్ ఈతగాళ్ళకీ నిజమే, నాకూ నిజమే.

ఇక్కడే నాలాంటివాళ్ళకు ఒక శుభవార్త ఉంది. పెద్ద పోటీల్లో ఈదేవాళ్ళు గోడను తన్నినప్పుడు సెకనుకు రెండున్నర, మూడు మీటర్ల వేగం అందుకుంటారు. వాళ్ళ 1500 మీటర్ల ఈత వేగం 1.7 దాకా ఉంటుంది. అంటే తన్ను వాళ్ళకు ఈత కంటే ఒకటిన్నర రెట్లకు కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. నా ఈత 0.83. నా కాళ్ళు వాళ్ళంత బలమైనవి కావు, నిజమే, కానీ సెకనుకు రెండు మీటర్ల తన్ను ఇవ్వలేనంత చచ్చుబడి కూడా లేవు. అది నా ఈతకు రెట్టింపు పైన! చేతులు ఎంత చేతకానివైతే గోడ అంత ఉపకారి. నెమ్మదిగా ఈదేవాడికే టర్న్‌లో దక్కే సెకన్లు ఎక్కువ. ఈ ముక్క ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

గొప్పవాళ్ళ లెక్క కూడా చూద్దామనిపించింది. కేటీ లెడెకీ 2018లో ఇండియానాపొలిస్‌లో 50 మీటర్ల పూల్‌లో 1500 మీటర్లు 15 నిమిషాల 20.48 సెకన్లలో ఈదింది. 2022లో టొరంటోలో 25 మీటర్ల పూల్‌లో అదే దూరం 15 నిమిషాల 8.24 సెకన్లలో ఈదింది. రెండూ ప్రపంచ రికార్డులే. పెద్ద పూల్‌లో 29 టర్న్‌లు, చిన్న పూల్‌లో 59. అదనంగా వచ్చిన 30 టర్న్‌లు ఆమెకు 12.24 సెకన్లు ఇచ్చాయి. టర్న్‌కి 0.4 సెకను, వందకు 0.8. మగవాళ్ళలో చూస్తే, బాబీ ఫింకీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పెద్ద పూల్‌లో 14 నిమిషాల 30.67, ఫ్లోరియన్ వెల్‌బ్రోక్ 2021లో అబుదాబిలో చిన్న పూల్‌లో 14 నిమిషాల 6.88. ఇక్కడ తేడా 23.79 సెకన్లు. టర్న్‌కి దాదాపు 0.8, వందకు 1.6. వీళ్ళిద్దరూ వేరు వేరు మనుషులు కాబట్టి ఈ రెండో లెక్కను మరీ గట్టిగా పట్టుకోకూడదు. లెడెకీ అంకెలు కూడా నాలుగేళ్ళ తేడాతో వచ్చినవే. కానీ ఒక సంగతి మాత్రం కనబడుతోంది. వాళ్ళకు టర్న్ అనేది లాభం. సగం సెకనో, ముప్పావు సెకనో, ప్రతి గోడా వాళ్ళకు ఎంతో కొంత ఇస్తోంది. నా దగ్గర మాత్రం ప్రతి గోడా సెకను చొప్పున తీసుకుంటోంది.

సరే, ఆ 3.2 సెకన్లు ఎక్కడ పోతున్నాయి? వీడియోలో చూస్తే నవ్వొచ్చింది. చెయ్యి గోడను తాకుతుంది. వెంటనే రెండో చెయ్యి కూడా వచ్చి అంచు పట్టుకుంటుంది. ఛాతీ దాకా పైకి లేస్తాను. ఓ పెద్ద ఊపిరి. లోతు తక్కువ ఉన్న వైపయితే పాదాలు నేల మీద ఆనుతాయి కూడా. అక్కడ నిలబడి, ఒళ్ళు తిప్పి, మళ్ళీ నీళ్ళలోకి వంగి, అప్పుడు తన్నుతాను. పైకి లేపిన ఒళ్ళంతా మళ్ళీ కిందికి దిగాలి కదా, అదంతా వృథా సమయం. లోతు వైపు టర్న్‌లు కాస్త నయం, లోతు తక్కువ వైపు ఘోరం. ఎందుకంటే నేల దొరికితే మనిషి నిలబడకుండా ఉండలేడు.

ఆ అమ్మాయి నేర్పిన పద్ధతిలో పల్టీ లేదు. "ఫ్లిప్ తర్వాత చూద్దాం అంకుల్, ముందు ఇది" అంది. గోడ దగ్గరికి వచ్చేటప్పుడు వేగం తగ్గించకూడదు, అది మొదటిది. ఆ వేగమే మోకాళ్ళను పొట్ట దగ్గరికి తెచ్చిపెడుతుంది. ఒక్క చెయ్యే గోడను తాకుతుంది, ఫ్రీస్టైల్‌కి అది చాలు. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలకైతే రెండు చేతులూ ఒకేసారి తాకాలని నియమం. రెండో చెయ్యి గోడ వైపు రాదు. నడుము దగ్గరే ఆగి, అప్పటికే అవతలి చివర వైపు చూపిస్తూ ఉంటుంది. మోకాళ్ళు ముడిచి పాదాలను నడుము కింద నుంచి గోడకు చేరుస్తాం. పాదాలు వస్తుంటే గోడను తాకిన చెయ్యి నీళ్ళ పైనుంచి చెవి పక్కగా వెనక్కి వచ్చేస్తుంది. ఈ మధ్యలో మొహం పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి ఒక ఊపిరి దొరుకుతుంది. ఒకటే. తల పైకి లేవదు, పక్కకు వాలి నీళ్ళలోకి జారుతుంది. పక్కకు తిరిగి ఉండగానే తన్నాలి, బోర్లా తిరగడం తన్నుతూ వెళ్ళేటప్పుడు దానంతటదే అవుతుంది.

నాకు దొరకనిది గోడకు ఎంత దూరంలో ముడుచుకోవాలన్నదే. మరీ దగ్గరైతే మోకాళ్ళు గడ్డానికి తగిలేంత ముడుచుకుని, అక్కడి నుంచి లేవడానికి సమయం పడుతుంది. మరీ దూరమైతే పాదాలు తాకేసరికే కాళ్ళు చాచి ఉంటాయి, తన్నడానికి ఇంకేం మిగలదు, వేళ్ళతో గీకినట్టు ఉంటుంది. మోకాలు దాదాపు లంబకోణంలో వంగి ఉన్నప్పుడు తన్ను బాగా తగులుతుంది. తొడల ముందు భాగంలో ఒక్కసారి పట్టినట్టు అనిపిస్తే దూరం సరిపోయిందని అర్థం. అడుగున నల్ల గీత గోడకు 2 మీటర్ల ముందే ఆగి అడ్డంగా ఒక చిన్న గీతతో ముగుస్తుంది చూడండి. దాన్ని గుర్తుపెట్టుకుంటే ఆఖరి చెయ్యి ఎప్పుడు వెయ్యాలో తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఆ అడ్డగీత అలంకారమనుకున్నాను!

పాదాలు పెట్టే ఎత్తు కూడా ఉంది. నీటి మట్టానికి మరీ దగ్గరగా పెడితే తన్ను కిందికి పోయి మనిషి అడుగుకు వెళ్తాడు, మరీ కిందికి పెడితే పైకి ఎగురుతాడు. నడుము ఉన్న లోతులో పాదాలు ఉంటే తిన్నగా వెళ్తాం. మా పూల్‌లో ఒక లేన్ చివర టైల్స్ పాచి పట్టి జారతాయి, అక్కడ వేళ్ళు మాత్రమే కాకుండా అరికాలు ముందు భాగమంతా ఆనించాల్సి వచ్చింది. ఈ సాధనలన్నీ అయ్యాక 3.2 కాస్తా 2.0 అయింది. ఒక్కో టర్న్‌కి 1.2 సెకన్లు మిగిలాయి.

ఇప్పుడు అసలు వింత. అంతకన్నా ఎక్కువ మిగిలింది గోడను వదిలాకే. 4.4 సెకన్లు 3.1 అయ్యాయి. అంటే 1.3. ఇందులో కాళ్ళ బలం పాత్ర తక్కువ, చేతులు పెట్టుకునే పద్ధతిది ఎక్కువ. నేను తన్నేటప్పుడు చేతులు భుజాల వెడల్పున విడిగా ఉండేవి, తల పైకెత్తి ఎటు పోతున్నానో చూస్తుండేవాణ్ణి. నీటి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే నిరోధం నాలుగు రెట్లు. తన్నిన వెంటనే వేగం అత్యధికం కాబట్టి, సరిగ్గా అప్పుడే ఒంటిని అడ్డదిడ్డంగా పెడితే వచ్చే నష్టమూ అత్యధికం. సంపాదించిన వేగమంతా మొదటి మీటరులోనే నీళ్ళకు ధారపోసినట్టు.

స్ట్రీమ్‌లైన్ అంటే ఏమిటో అప్పటిదాకా బొమ్మల్లోనే చూశాను. ఒక అరచెయ్యి మీద ఇంకో అరచెయ్యి, పై చేతి బొటనవేలు కింది చేతిని పట్టుకుని ఉండాలి. మోచేతులు చాచి, చేతుల పై భాగం చెవుల వెనక్కి నొక్కుకోవాలి. గడ్డం లోపలికి, చూపు అడుగుకు. నాకు భుజాలు బిగుసుకుపోయి చేతులు చెవుల వెనక్కి రావు, చెవుల మీదికే వస్తాయి. అయినా తేడా తెలిసింది. చెవుల పక్క నుంచి నీళ్ళు పోయే చప్పుడు మారిపోయింది. ముందు గలగలమనేది, ఇప్పుడు సన్నగా ఒక ఈల లాంటిది.

లోతు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నీళ్ళ పైనే జారిపోతే అలలు లేస్తాయి, అలలు లేపడానికి మన వేగమే ఖర్చవుతుంది. దాదాపు అర మీటరు లోతున వెళ్తే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. మరీ లోతుకు పోతే మళ్ళీ పైకి రావడానికే దూరం పడుతుంది. ఈ నీటి అడుగు ప్రయాణం ఎంత లాభమో ఈతగాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. 1988లో అమెరికన్ డేవిడ్ బెర్కాఫ్ వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో 30 మీటర్ల పైన నీళ్ళ కిందే వెళ్ళి ప్రపంచ రికార్డులు కొట్టాడు. ఆ తర్వాతే హద్దు పెట్టారు. ఇప్పుడు ఫ్రీస్టైల్‌తో సహా తల 15 మీటర్ల లోపు పైకి రావాలి. నాలాంటివాడికి ఆ నియమంతో పనిలేదు. నేను 15 మీటర్లు కింద పోతే నన్ను పైకి తేవడానికి మనుషులు కావాలి.

నిజంగా నాకు పనికొచ్చే ప్రశ్న, ఎంతసేపు జారాలన్నదే. ఎక్కువ జారితే మంచిదని మొదట్లో అందరికీ అనిపిస్తుంది, ఎందుకంటే శ్రమ లేకుండా హాయిగా ఉంటుంది. కానీ తన్నిన వేగం తగ్గుతూ తగ్గుతూ మన ఈత వేగం దాకా దిగుతుంది. ఆ క్షణం దాటి జారితే ప్రతి సెకనూ నష్టమే. ఒకసారి కాళ్ళూ చేతులూ కదపకుండా ఊరికే తన్ని, ఆగేదాకా జారి చూశాను. జెండాల దాకా బాణంలా వెళ్ళాను, ఆ తర్వాత ఇంకో రెండు మూడు మీటర్లు పాకినట్టు వెళ్ళి ఆగాను. అంటే నాకు జెండాల దగ్గరే ఈత మొదలవ్వాలి, ఇంకా చెప్పాలంటే కాస్త ముందే. లోపల ఉన్నప్పుడు ఇది తెలుసుకోవడానికి అడుగున టైల్స్ చూడమంది ఆ అమ్మాయి. తన్నిన వెంటనే టైల్స్ గీతలు కలిసిపోయి పరిగెడతాయి. మామూలుగా ఈదేటప్పుడు కనబడే వేగానికి అవి రాగానే కాళ్ళు కొట్టడం మొదలుపెట్టి, వెంటనే మొదటి చెయ్యి లాగాలి. ఆలస్యమైతే ఆ మొదటి లాగుడు ఆగి ఉన్న బండిని నెట్టినంత బరువుగా ఉంటుంది. తొందరపడితే చేతికి నీళ్ళ పట్టు దొరకదు, బుడగలే తగులుతాయి. రెండూ చేతికి చక్కగా తెలుస్తాయి.

ఆ మొదటి చేతితోనే ఊపిరి పీల్చడం నా పాత అలవాటు. అప్పటిదాకా కాపాడుకున్న వేగాన్ని తల పక్కకు తిప్పి చెడగొట్టడమే అది. ఇప్పుడు రెండో చేతికో మూడో చేతికో పీలుస్తున్నాను.

మొత్తం కలిపితే జెండాల నుంచి జెండాలకు 13 సెకన్లు 10.5 అయ్యాయి. టర్న్‌కి రెండున్నర సెకన్లు. కాగితం మీద 400కి 15 టర్న్‌లు కాబట్టి 37.5 సెకన్లు, మొదట బయల్దేరే తన్ను కూడా బాగుపడింది కాబట్టి ఇంకో 1.3. వెరసి 39 సెకన్లు తగ్గాలి. తగ్గింది 29 మాత్రమే. మిగతా పది ఎటు పోయాయి?

మళ్ళీ వీడియో చూస్తే దొరికింది. మధ్యలో 15 మీటర్లు 18 సెకన్లు పట్టేది కదా, అది 18.6 అయింది. లెంగ్త్‌కి 0.6 చొప్పున 16 లెంగ్త్‌లకు 9.6 సెకన్లు. గోడ దగ్గర అంచు పట్టుకుని తీసుకునే ఆ పెద్ద ఊపిరి పోయింది, తన్నాక నీళ్ళ కింద ఊపిరి బిగబట్టే సమయం పెరిగింది, ప్రతి టర్న్‌కి తొడలు గట్టిగా పని చేస్తున్నాయి. ఈ మూడింటి ఖర్చూ మధ్యలో కడుతున్నాను. అందుకే వంద మీటర్ల టైము చూసి మురిసిపోయి 1500కి దాన్ని పదిహేనుతో గుణించకూడదు. వంద మీటర్లలో మూడు టర్న్‌లే, ఊపిరి అప్పు తీర్చే అవసరం రాకముందే అయిపోతుంది. దూరం పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది. ఎన్నో లెంగ్త్ నుంచి టర్న్ మళ్ళీ పాత తీరులోకి జారుతోందో వీడియోలో ఇట్టే తెలుస్తుంది. నాకైతే పదో లెంగ్త్ నుంచి రెండో చెయ్యి అంచు వైపు తొంగి చూడటం మొదలవుతుంది. ఒక మాట, ఊపిరి అప్పు తగ్గించుకోవడానికి గోడ దగ్గర గబగబా అదేపనిగా ఊపిరి పీల్చి నీళ్ళ కింద ఎంతసేపు ఉండగలనో చూసుకోవడం మాత్రం చెయ్యకూడదు. ముందస్తు హెచ్చరిక లేకుండా స్పృహ తప్పుతుంది.

మా లేన్‌లో ఈదే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారికి ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. ఆయన అంతా విని, "నువ్వు బాగుపడింది ఈతలో కాదురా అబ్బాయ్, పూల్‌లో" అన్నారు. మాట కటువుగా ఉన్నా లెక్క సరైనదే. గచ్చిబౌలి లాంటి 50 మీటర్ల పూల్‌కి వెళ్తే 400లో టర్న్‌లు ఏడే. టర్న్‌కి రెండున్నర చొప్పున 17.5, వందకు నాలుగు సెకన్ల చిల్లర, అందులోంచి కూడా ఊపిరి అప్పు కొంత తీసెయ్యాలి. విజయవాడలో కృష్ణలో ఈదితే సున్నా. అక్కడ గోడ ఎక్కడిది? కాబట్టి ఒక పూల్ టైము ఇంకో పూల్ టైముతో పోల్చేటప్పుడు లెంగ్త్ చెప్పకుండా మాట్లాడేవాళ్ళను ఇకమీదట నేను నమ్మను. మా ఊరి క్లబ్బు పూల్ అయితే 25 కూడా కాదు, 18 మీటర్ల చిల్లర ఉంటుంది. అక్కడ ఈదేవాళ్ళ టైములు చూసి ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను, వాళ్ళకు గోడలు ఎక్కువన్న సంగతి ఇప్పుడు తట్టింది.

పల్టీ కొట్టి తిరిగే ఫ్లిప్ టర్న్ కూడా మొదలుపెట్టాను. ఫ్రీస్టైల్‌లో చేత్తో తాకక్కర్లేదు, ఒంట్లో ఏ భాగం తాకినా చాలు కాబట్టి తిన్నగా పాదాలే తాకుతాయి, ఆ మేరకు సమయం కలిసొస్తుంది. ముక్కులోంచి సన్నగా గాలి వదులుతూనే పల్టీ కొట్టాలి, లేకపోతే నీళ్ళు నడినెత్తికి ఎక్కుతాయి. కొలిచి చూస్తే నాకు జెండాల నుంచి జెండాలకు 10.5 సెకన్లే వచ్చింది, మామూలు టర్న్‌తో సమానం. పల్టీలో మిగిలింది వంకర తన్నులో పోతోంది. పాదాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పడి, లేన్ తాడు వైపు వెళ్ళిపోతున్నాను. అందుకే నన్నడిగితే పల్టీ కోసం తొందరపడక్కర్లేదు. చాలామంది ఫ్లిప్ టర్న్ నేర్చుకోవడాన్నే టర్న్ నేర్చుకోవడం అనుకుంటారు. పల్టీ కొట్టి, చేతులు విడిగా పెట్టుకుని, తల ఎత్తి బయటికొచ్చేవాళ్ళను ఇప్పుడు రోజూ చూస్తున్నాను. వాళ్ళకన్నా నా మామూలు టర్న్ నయం, ఈ మాట నేను పైకి అనడం లేదు గానీ జెండాలు చెబుతూనే ఉన్నాయి.

ప్రస్తుతం నా పని 18.6 మీద ఉంది. తన్నాక ఊపిరి రెండో చేతికి పీల్చుకుంటే మంచిదా మూడో చేతికా, మధ్యలో మూడు చేతులకొకసారి కాకుండా రెండు చేతులకొకసారి పీలిస్తే ఎంత తగ్గుతుంది అని ఆ అమ్మాయి చేత వీడియో తీయించి చూస్తున్నాను. దాన్ని 18.2 దాకా తేగలిగితే 16 లెంగ్త్‌లకు ఇంకో ఆరు సెకన్ల పైన దిగుతుంది. బ్యాంకు మేనేజరు గారు కూడా మొన్న ఎవరూ చూడటం లేదనుకుని ఒక చెయ్యి మాత్రమే గోడకు తాకించి తిరిగారు. ఆయన పాదాలు మరీ పైన పడి తిన్నగా అడుగుకు వెళ్ళారు. నడుము లోతులో పెట్టమని చెప్పాను.